‘కమల’లో వర్ణాలెన్ని? ఒక వ్యాసం, రెండుసార్లు రాసిన వ్యాఖ్య

ఎం.ఏ. భాషాశాస్త్రం మొదటి సంవత్సరం విద్యార్థిని రాసిన వ్యాసం ఇది. ప్రశ్న “తెలుగు వర్ణ వ్యవస్థను సోదాహరణంగా వివరించండి”. ఇంటి దగ్గర రాసుకొచ్చే ఇంటర్నల్ అసైన్‌మెంటు, 20 మార్కులు. ఆరు పేజీలు, ముత్యాల్లాంటి దస్తూరి, ఎక్కడా కొట్టివేత లేదు. మొదలు ఇలా ఉంది: “వర్ణం అంటే అర్థభేదాన్ని కలిగించే కనిష్ఠ ధ్వని. తెలుగులో 56 వర్ణాలు ఉన్నాయి. అందులో అచ్చులు 16, హల్లులు 37, ఉభయాక్షరాలు 3.”

మొదటి వాక్యం సరైనది. తర్వాతి రెండూ బడిలో నేర్పిన అక్షరాల లెక్క. నిర్వచనం ఒక దాని గురించి, లెక్క ఇంకో దాని గురించి. ఈ రెండూ పక్కపక్కనే కూర్చున్నా ఆ అమ్మాయికి ఇబ్బందిగా అనిపించలేదు. ఆరు పేజీల్లోనూ జరిగింది అదే.

నేను మొదట చేసిన పని చెబుతాను. ఎర్ర కలంతో పదకొండు చోట్ల గీశాను, 7 మార్కులు వేశాను, చివర రెండు ముక్కలు రాశాను: “వర్ణానికీ అక్షరానికీ తేడా గ్రహించలేదు. వర్ణ నిర్వచనం మళ్లీ చదవండి.” ఇంటర్నల్ మార్కులు పంపేలోపు తిరగరాసి ఇవ్వవచ్చన్నది మా పద్ధతి. పది రోజుల్లో కొత్త వ్యాసం వచ్చింది. నిర్వచనం ఒక వాక్యం నుంచి మూడు వాక్యాలైంది. “అక్షరం రాసేది, వర్ణం పలికేది” అని ఒక పేరా కొత్తగా చేరింది. ఆ పేరా చివర, “కాబట్టి తెలుగువారు పలికే వర్ణాలు 56” అని ఉంది.

నేను చదవమన్నది చదివింది, అడిగిన తేడా రాసింది. అయినా తప్పు కదల్లేదంటే లోపం నా వ్యాఖ్యలో ఉంది. రెండు వ్యాసాలూ పక్కన పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను.

పేరులో పొరపాటా, లెక్కలో పొరపాటా

ముందు తేల్చుకోవలసింది ఇది. తెలుగులో ఈ విషయం చెప్పడానికి మనకున్న మాటలే చిక్కు తెచ్చిపెడతాయి. అఆఇఈల పట్టికను వర్ణమాల అంటాం. భాషాశాస్త్రం క్లాసులో, అర్థభేదం తెచ్చే ధ్వనిప్రమాణాన్నీ వర్ణమే అంటాం. అక్షరం అన్నది ఒకచోట రాసే గుర్తు, ఛందస్సులో అయితే ఒక్క ఊపులో పలికే ముక్క. పన్నెండేళ్లు బడిలో ‘వర్ణమాల’ విన్న విద్యార్థికి, ఒక సెమిస్టరులో ‘వర్ణం’ కొత్త అర్థంతో తగిలితే, పాత అర్థం పక్కకు జరగదు.

వ్యాకరణాల్లోనూ ఈ మాటకు మన ఆధునిక అర్థం లేదు. అయినా బాలవ్యాకరణంలో చిన్నయసూరి సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 వర్ణాలని మొదటి సూత్రాల్లోనే వేరు చేశాడు. ఖ, ఘ వంటి ఒత్తక్షరాలూ ఋ, శ, ష వంటివీ సంస్కృత పదాలతోపాటు తెలుగులో వాడుకలోకి వచ్చినవని చెప్పాడు. అది 1858 నాటి పుస్తకం. రాయడానికి పట్టికలో ఉన్నవన్నీ తెలుగుకు సొంతం కావన్న గ్రహింపు అందులో స్పష్టంగా ఉంది. ఈ ముక్క ఆ అమ్మాయికి చెప్పాలని నాకు తర్వాత తోచింది. మొదటి వ్యాఖ్యలో చెప్పి ఉంటే బాగుండేది.

అందుకని “56 వర్ణాలు” అన్న వాక్యం ఒక్కటే చూసి విద్యార్థికి విషయం తెలియదని తీర్మానించకూడదు. అక్షరాలు అనబోయి వర్ణాలు అని ఉండవచ్చు. అలాంటి వాళ్లకు పక్కన “ఇక్కడ అక్షరాలు అనాలి” అని రాస్తే చాలు. నిజంగా కలగాపులగం అయిందో లేదో తెలియాలంటే ఆ పేరు వాడని చోట్ల చూడాలి. విద్యార్థి ఒక మాటను విడగొట్టి లెక్కపెట్టిన చోటు ఒకటి, జంటలు ఇచ్చిన చోటు ఇంకొకటి.

మూడో పేజీలో ఇలా ఉంది: “కమల అనే పదంలో మూడు వర్ణాలు ఉన్నాయి: క, మ, ల.” ఇది పేరు తారుమారు కావడం కాదు. క్, అ, మ్, అ, ల్, అ అని ఆరు ఉన్నచోట మూడు వినిపించాయి, ఎందుకంటే కాగితం మీద మూడు గుర్తులున్నాయి. అదే పేజీలో ‘స్త్రీ’ని ఒక వర్ణం అంది. అందులో స్, త్, ర్, ఈ అని నాలుగున్నాయి. మన లిపిలో హల్లు గుర్తులోనే అచ్చు దాగి ఉంటుంది. విడిగా కనబడనిది విడిగా ఉందని అనిపించదు.

నాలుగో పేజీలో కనిష్ఠ భేదక జంటలని ఒక పట్టిక ఇచ్చింది. మిగతా ధ్వనులన్నీ ఒకేలా ఉండి, ఒక్క ధ్వని మారడంతో అర్థం మారిపోయే రెండు మాటల్ని జంట అంటాం. ఆమె పట్టికలో నాలుగు జంటలు: నాకు–మాకు, కల–కళ, ఋషి–రుషి, కథ–కధ. మొదటి రెండూ సరైనవి. మూడోది రెండు మాటలు కాదు, ఒకే మాటను రెండు రకాలుగా రాయడం. ‘ఋషి’ అని రాసినా ‘రుషి’ అని రాసినా చాలామంది నోట వచ్చేది ఒకటే, అర్థమూ ఒకటే. నాలుగోదానిలో ‘కధ’ చాలామంది చేసే అక్షరదోషం. ఆ రెండింటినీ థ, ధ వేరువేరు వర్ణాలనడానికి సాక్ష్యంగా పెట్టింది. చెవితో చూడాల్సిన జంటను కంటితో చూసిందని ఇక్కడ నాకు రూఢి అయింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే కళ్లబడింది. నాకు–మాకు, కల–కళ పక్కన మొదటిసారి నేను టిక్కులు పెట్టాను. జవాబు సరైనదే, కానీ ఆ జంటల్లో వర్ణం మారిన చోటే అక్షరమూ మారుతుంది. అక్షరాన్ని చూసి రాసినా, ధ్వనిని విని రాసినా అదే జవాబు వస్తుంది. నా టిక్కు ఆమె అసలు పద్ధతికే ఆమోదం చెప్పినట్టయింది. ఈ తరహా వ్యాసంలో సరైన ఉదాహరణ కనబడగానే టిక్కు పెట్టడం ప్రమాదం. అక్షరమూ వర్ణమూ ఒకదానికొకటి సరిపోని ఉదాహరణ ఒక్కటైనా ఆ వ్యాసంలో ఉందా అని చూడాలి. ఆరు పేజీల్లోనూ లేదు. రాతలో గుర్తు లేని ధ్వని ఒక్కటీ ఆమె ప్రస్తావించలేదు.

పదకొండు తప్పులు, ఒకటే వేరు

గీతలన్నీ ఒకచోట రాసుకుంటే పదకొండూ ఒకే చెట్టు కొమ్మలు. ‘ఱ’ వేరే వర్ణం అనడం, ‘క్ష’ ఒక వర్ణం అనడం, సున్న ఒక వర్ణం అనడం, ‘ఐ’ని మారుమాట లేకుండా ఒకటిగా లెక్కించడం, ఇవన్నీ “ఒక గుర్తు ఉంటే ఒక వర్ణం” అన్న ఒక్క నమ్మకం నుంచి వచ్చినవే. ఆ నమ్మకం ఉన్నవాళ్లు ఈ పదకొండు చోట్లా ఇలాగే రాయాలి. లేకపోతే వాళ్ల వాదనలో వాళ్లకే పొత్తు కుదరదు.

మార్కుల దగ్గర నేను చేసిన తప్పు ఇదే. ఒకే తప్పుకు పదకొండుసార్లు కోత వేశాను. లెక్కల పేపరులో మొదటి మెట్టులో కూడిక తప్పితే అక్కడ ఒకసారి తగ్గించి, మిగిలిన మెట్లు ఆ అంకెతోనే సవ్యంగా సాగాయో లేదో చూస్తాం. ఇక్కడా అంతే చేయాలి. వేరు దగ్గర గట్టిగా తగ్గించి, దాని వెంట వచ్చిన వాటిని గుర్తించి వదిలేయాలి. ఈ పద్ధతిలో మళ్లీ కూడితే మొదటి వ్యాసానికి 9 వచ్చింది. రెండు మార్కులే పెరిగినా, కాగితం మీద పదకొండు ఎర్రగీతలకు బదులు ఒక్క గీత ఉండటం వేరు. పదకొండు గీతలున్న కాగితం చేతికొచ్చినవాళ్లు పదకొండు సంగతులు బట్టీ పట్టాలనుకుంటారు.

రెండోసారి రాసిన వ్యాఖ్య

నిర్వచనం ఆమెకు వచ్చు. కాబట్టి అది మళ్లీ చెప్పలేదు. తన లెక్కను తనే తప్పని పట్టుకోవడానికి చేతికి పని ఇవ్వాలనుకున్నాను. రాసింది ఇది:

> మీ నిర్వచనం సరైనది. మీ లెక్క ఆ నిర్వచనాన్ని అనుసరించడం లేదు. మీరు లెక్కపెట్టినవి రాతలోని గుర్తులు. వ్యాసంలోని మిగతా పొరపాట్లన్నీ దీని నుంచే వచ్చాయి కాబట్టి వాటిని విడిగా దిద్దలేదు. కింది మూడు పనులు చేసి, ఏం గమనించారో రాసి, తర్వాత వ్యాసం తిరగరాయండి.
>
> ఒకటి. పలక, నలక, పిలక, అలక. ఈ నాలుగు మాటలూ పైకి చదవండి. ‘పలక’ నుంచి మిగతా మూడింటికి వెళ్లడానికి ఒక్కోసారి ఏం మారిందో, ఏం పోయిందో రాయండి. ‘ప’ అన్న ఒక్క గుర్తులో విడివిడిగా మార్చగలిగినవి ఎన్ని ఉన్నాయి?
>
> రెండు. పంకా, పంచె, పంట, పంది, పంపు. అద్దం ముందు నెమ్మదిగా పలకండి. సున్న దగ్గర ఆగండి. నాలుక, పెదవులు ఎక్కడ ఉన్నాయో ఐదు సార్లూ రాయండి. గుర్తు ఒక్కటే. ధ్వని ఒక్కటేనా?
>
> మూడు. తాగే చారు, ‘అందమైన’ అనే అర్థంలో సంస్కృతం నుంచి వచ్చిన చారు. మీరు మామూలుగా మాట్లాడేటప్పుడు ఈ రెండూ ఒకేలా పలుకుతారా? వేరుగా పలికితే, మీ 56లో ఆ తేడాకు చోటెక్కడ?
>
> వ్యాసంలో వర్ణాన్ని రాసేటప్పుడు ఏటవాలు గీతల మధ్య, పొల్లుతో రాయండి: /క్/. ధ్వనిని చదరపు కుండలీకరణాల్లో రాయండి: [క్]. అక్షరాన్ని కొటేషన్ గుర్తుల్లో రాయండి: ‘క’. ప్రతిసారీ ఈ మూడింటిలో దేని గురించి మాట్లాడుతున్నారో ముందు తేల్చుకుని రాయండి.

చివరి సూచన నాకూ పనికొచ్చేదే. పాత వ్యాఖ్యల్లో నేనే “/క/ ఒక వర్ణం” అని రాసిన సందర్భాలున్నాయి. తెలుగు లిపిలో ‘క’ అని రాస్తే అందులో అచ్చు ఉన్నట్టే. అంటే తప్పు దిద్దుతూ అదే తప్పు నా చేత్తో రాసి ఇచ్చాను. పొల్లు పెట్టిన క్ కూడా గుర్తేనన్న మాట నిజమే, లిపిలో రాస్తూ లిపి నుంచి పూర్తిగా బయటపడటం కుదరదు. అందుకే ఏటవాలు గీతలు కావాలి.

మూడు పనులనూ ఒక వరసలో పెట్టడానికి కారణం ఉంది. మొదటిది ఒక గుర్తులో రెండు వర్ణాలు ఉండటం. ‘పలక’, ‘నలక’ల మధ్య ప్ పోయి న్ వచ్చింది, అ అలాగే ఉంది. ‘పలక’, ‘పిలక’ల మధ్య ప్ అలాగే ఉంది, అ పోయి ఇ వచ్చింది. ‘అలక’లో ప్ ఊడిపోయింది, అ మిగిలింది. రెండు ముక్కలూ దేనికది మారగలవని చేతికి తెలిశాక ‘కమల’లో మూడు అనడం ఎవరికీ సాధ్యం కాదు. ఇది అన్నిటికన్నా తేలిక, అందుకే ముందు పెట్టాను.

రెండోది ఒక గుర్తుకు చాలా ధ్వనులు. ‘పంకా’లో నాలుక వెనక భాగం అంగిలి వెనక్కి ఆనుతుంది. ‘పంచె’లో నాలుక మధ్యభాగం అంగిలికి తగులుతుంది. ‘పంట’లో కొన పైకి మడుస్తుంది, ‘పంది’లో పళ్లకు ఆనుతుంది. ‘పంపు’లో నాలుకతో పనే లేదు, పెదవులు మూసుకుంటాయి. ఇంతకాలం ఒకటే అనుకున్న సున్న ఐదు చోట్ల ఐదు రకాలుగా నోట్లో దొరుకుతుంది. పుస్తకంలో చదివి ఒప్పుకోవడం కంటే ఇది గట్టిగా నిలుస్తుంది.

మూడోది నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ, ఎందుకంటే ఇక్కడ కళ్లకు ఏమీ కనబడదు. ‘చేప’లో చ పలికేటప్పుడు నాలుక అంగిలికి తగులుతుంది. ‘చాప’లో నాలుక కొన పళ్ల దగ్గరికి వస్తుంది, త్స కలిసినట్టు వినిపిస్తుంది. పాత అచ్చు పుస్తకాల్లో ఈ రెండోదాన్ని ‘ౘ’ అని చ మీద చిన్న గుర్తుతో వేసేవారు. ఇప్పుడు ఆ గుర్తు వాడుకలో లేదు, ధ్వని మాత్రం ఉంది. అచ్చమైన తెలుగు మాటల్లో ఏది ఎక్కడ వస్తుందో ముందే చెప్పవచ్చు: ఇ, ఈ, ఎ, ఏల ముందు తాలవ్యం, మిగతా అచ్చుల ముందు దంత్యం. ఒకటి వచ్చే చోట రెండోది రాదు కాబట్టి అక్కడ ఆ రెండూ ఒకే వర్ణానికి రెండు రూపాలు. చిన్నయసూరి వీటిని సవర్ణాలన్నాడు. కానీ సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ‘ఆ’ అనే అచ్చు ముందు కూడా తాలవ్యమే పలుకుతాం. అందుకే తాగే చారులో దంత్యం, ‘చారుశీల’ వంటి మాటల్లోని చారులో తాలవ్యం. రాతలో తేడా లేదు, చోటు ఒకటే, పలుకు వేరు, అర్థం వేరు. అక్షరాన్ని బట్టి చూసేవాళ్లకు ఇది ఒకే మాట. చెవిని బట్టి చూసేవాళ్లకు నిక్కమైన కనిష్ఠ భేదక జంట. ఈ తేడా పాటించేవాళ్ల భాషలో చ్, ౘ్ రెండు వర్ణాలైపోయాయి.

ఒక షరతు మాత్రం ఉంది. అందరూ ఈ రెండింటినీ వేరుగా పలకరు. అన్నిచోట్లా తాలవ్యమే పలికేవాళ్లకు ఈ పని ఇచ్చి ప్రయోజనం లేదు. అందుకే వ్యాఖ్యలో “మీరు పలుకుతారా” అని అడిగాను. పలకనివాళ్లకు ‘బాగు’, ‘బ్యాగు’ ఇస్తాను. ‘బ్యాగు’లోని అచ్చుకు వర్ణమాలలో గుర్తు లేదు, య ఒత్తు పెట్టి ఎలాగో రాస్తున్నాం. ‘వచ్చాడు’లో రెండో అచ్చూ అలాంటిదే. ఒకప్పుడు వచ్చేడు, వచ్చ్యాడు అని కూడా రాసేవారంటే, ఉన్న గుర్తుల్లో ఏదీ దానికి అమరకపోవడం వల్లే.

కొత్త తప్పు

మూడో రోజున వ్యాసం కాకుండా ఒక కాగితం పట్టుకుని వచ్చింది. పలక పని చక్కగా చేసింది. సున్న దగ్గర నాలుక బొమ్మలు కూడా వేసింది. కింద తీర్మానం: “కాబట్టి తెలుగులో అనునాసిక వర్ణాలు ఐదు.”

ఇది నేను ఊహించాల్సింది. అక్షరాన్ని వదిలి రాగానే విద్యార్థులు ధ్వనిని పట్టుకుంటారు. వినబడ్డ ప్రతి తేడానూ వర్ణం అనేస్తారు. రెండు తప్పులూ ఎదురెదురు గట్ల మీద ఉన్నట్టు కనిపించినా, లోపించింది ఒకటే: అర్థం మారిందా అన్న ప్రశ్న అడగకపోవడం. నిర్వచనంలో ‘అర్థభేదం’ అన్న మాట మూడుసార్లు రాసినా, దాన్ని పరీక్షగా ఎక్కడా వాడలేదు.

“పంకాలో ఉన్న సున్న ధ్వనిని తీసేసి, పంచెలో ఉన్నది అక్కడ పెట్టి పలుకు చూద్దాం” అన్నాను.

రెండుమూడుసార్లు ప్రయత్నించింది. “రావడం లేదు సార్. వచ్చినా అది పంకానే అవుతుంది.”

“ఇంకో మాట కాదు కదా?”

“కాదు.”

“మరి నాకులో న తీసి మ పెడితే?”

“మాకు అవుతుంది. అది వేరే మాట.” కాసేపు ఆగి, “మరి ణ సార్? పంటలో ఉన్నది?” అంది.

ఆ ప్రశ్నకు నేను మురిసిపోయాను. సున్నగా వచ్చినప్పుడు ఆ ధ్వని పక్కనున్న ట వల్లే అలా ఉంది. కానీ రెండు అచ్చుల మధ్య వచ్చినప్పుడు దాని బలం దానిదే: ‘అనువు’ అంటే వీలు, ‘అణువు’ వేరు. కాబట్టి /మ్/, /న్/, /ణ్/ మూడూ వర్ణాలే. ‘పంకా’లోనిదీ ‘పంచె’లోనిదీ మాత్రం సొంత జంట లేనివి, పక్క హల్లు నీడలు. ఇక ఆ రెండింటినీ ఏ వర్ణం ఖాతాలో వేయాలన్నది చర్చనీయాంశం. క, చల ముందు ఈ మూడింటి మధ్య భేదమే చెరిగిపోతుంది కాబట్టి, /న్/ కింద వేయవచ్చు, లేదా అక్కడ భేదం లేని ఒక అనునాసికం ఉందని చెప్పవచ్చు. కారణం చూపిస్తే ఏ దారికైనా మార్కులు ఇస్తాను. వ్యాఖ్యలో రెండో పని కింద ఒక వాక్యం అప్పుడే చేర్చాను, తర్వాతి బ్యాచ్‌కు కూడా అదే ఇస్తున్నాను: “ఈ ఐదింటినీ ఒకదాని చోట ఒకటి పెట్టి చూడండి. కొత్త మాట పుడుతుందా?”

వెళ్లేముందు అడిగింది, “అయితే తెలుగులో వర్ణాలు ఎన్ని సార్?” అంకె చెప్పలేదు. చెబితే 56 స్థానంలో ఇంకో అంకె బట్టీ పడుతుంది. పైగా అందరికీ సరిపోయే అంకె లేదు. కరం, ఖరం వేరుగా పలికేవారి భాషలో ఒత్తు హల్లులు లెక్కకు వస్తాయి. భాషను బాష అని, కరాన్నీ ఖరాన్నీ ఒకేలా పలికేవారి భాషలో రావు. ‘బ్యాగు’ అచ్చును కలుపుకునేవారు ఒకలా, ఎరువు మాటలని పక్కన పెట్టేవారు ఒకలా లెక్కిస్తారు. “నీ మాట తీరునే తీసుకో. ప్రతి వర్ణానికీ జంట చూపించు. జంట దొరకనిది వేరుగా రాయి” అన్నాను.

తిరగరాసిన వ్యాసం

మూడో వ్యాసం నాలుగు పేజీలే. అచ్చులు 11 అని తేల్చింది: అ, ఇ, ఉ, ఎ, ఒ, వాటి దీర్ఘాలు, ‘బ్యాగు’లో అచ్చు. ఐ, ఔలను అయ్, అవ్ అని విడదీసి లెక్కలోంచి తీసేసింది. హల్లులు మొదట 22 ఇచ్చింది. తన మాటలో ఒత్తులు నిలబడటం లేదని ఒప్పుకుని క, గ, చ, జ, ట, డ, త, ద, ప, బలను మాత్రమే ఉంచింది. వాటికి మ, న, ణ, య, ర, ల, వ, ళ, స, శ, హ చేర్చింది. ‘ఱ’ను ర్‌లో కలిపేసింది. శ, ష తన నోట ఒకటేనని చెప్పి ఒకటే ఉంచింది, స్‌తో భేదానికి కోసం–కోశం చూపించింది. ఇరవై రెండోది ఫ. పుస్తకంలో ఒత్తు ప అని ఉన్నా తాను పలికేది పై పళ్లు కింది పెదవికి ఆనించే ధ్వని అని గమనించి, పోను–ఫోను జంట పెట్టింది. ఇది నేను చెప్పింది కాదు.

అక్కడికి 33. చారు జంటతో ౘ్ చేర్చి 34 అంది. ౙ్‌కు జంట కోసం వెతికాననీ, తనకు దొరకలేదనీ, చ్‌ల దగ్గర భేదం ఉన్నప్పుడు జ్‌ల దగ్గర కూడా ఉంటుందని అనుకుంటే 35 అవుతుందనీ రాసింది. జంట లేకుండా వ్యవస్థలోని పొందికను బట్టి చేర్చవచ్చా అన్నది నిజంగానే వాదించదగ్గ విషయం. ఆమె రెండు అంకెలూ ఇచ్చి కారణం చెప్పింది.

15 మార్కులు వేశాను. అయ్, అవ్‌ల విభజనకు జంటలు చూపలేదని 1, అనునాసికాల చర్చ క, చల దగ్గర మధ్యలో వదిలేసిందని 2, ద్విత్వాన్ని అసలు ముట్టుకోలేదని 2 తగ్గించాను. ద్విత్వం గురించి వ్యాఖ్యలో ఒక్క జంటే రాశాను: “కల, కల్ల. ఇక్కడ కొత్త వర్ణం ఉందా, ఉన్న వర్ణమే రెండుసార్లు వచ్చిందా? ‘ల్ల’ను ఒక అక్షరంగా చూసి తేల్చకండి.”

చివరి పేజీ అడుగున, వ్యాసం అయిపోయాక, పెన్సిల్‌తో ఒక ముక్క రాసి ఉంది. ఇంట్లో చెల్లెలి చేత రెండు చారులూ అనిపించిందట. చెల్లెలు రెండింటినీ తాలవ్యంగానే పలికింది. “మా చెల్లి లెక్క 33 సార్. మా ఇద్దరికీ అక్షరాలు మాత్రం ఒకటే.”